గాలి పోతే వాల్వు ఎటు వెళ్లాలి? రియాక్టరు ఉష్ణోగ్రత లూపులో వాల్వునూ కంట్రోలరునూ ఎంచుకునే వరుస

కొత్త లూపు చేతికి రాగానే చాలామంది ముందు కంట్రోలరు తెర తెరిచి, డైరెక్టా రివర్సా అని వెతుకుతారు. ఆ ప్రశ్న చివర రావాలి. మొదట ప్రాసెస్ ఏమి కోరుతుందో తేల్చాలి. దాన్నిబట్టి వాల్వు, వాల్వునుబట్టి కంట్రోలరు. ఈ వరుస తలకిందులైనా లూపు పనిచేస్తూనే ఉంటుంది, ఉష్ణోగ్రత గీత సెట్ పాయింటు మీదే నడుస్తుంది. తప్పు బయటపడేది ఇన్‌స్ట్రుమెంట్ ఎయిర్ పోయిన రోజునే. అందుకని ఒకే కేసు తీసుకుని, మొదటినుంచి చివరిదాకా ఈ వరుసలోనే చేసి చూద్దాం.

జీడిమెట్లలోనో పరవాడలోనో బల్క్ డ్రగ్ ప్లాంటులో పనిచేసినవారికి ఈ ఏర్పాటు పరిచితమే. జాకెట్ ఉన్న రియాక్టరు. జాకెట్‌లో నీళ్లు ఒక పంపు సాయంతో తిరుగుతుంటాయి. ఆ దారిలో రెండు హీట్ ఎక్స్చేంజర్లు ఉన్నాయి: ఒకదానికి ఆవిరి వస్తుంది, ఇంకొకదానికి కూలింగ్ టవర్ నీళ్లు వస్తాయి. ఆవిరి లైను మీద ఒక కంట్రోల్ వాల్వు, కూలింగ్ నీళ్ల లైను మీద ఇంకొకటి. రెండింటినీ ఒకే ఉష్ణోగ్రత కంట్రోలరు నడుపుతుంది. రియాక్టరును 60 డిగ్రీలకు వేడిచేసి, ఆ తర్వాత రెండో ముడిపదార్థాన్ని డోసింగ్ లైను గుండా నెమ్మదిగా పంపుతారు. అది కలుస్తున్నకొద్దీ చర్య తనంతట తానే వేడి పుట్టిస్తుంది. అంటే బ్యాచ్ మొదట్లో వేడి ఇవ్వాలి, తర్వాత వేడి లాగేయాలి.

మొదటి అడుగు: కంట్రోలరును మరిచి ప్రాసెస్‌ను అడగండి

ఒక కాగితం తీసుకుని వాల్వులను ఒకదాని కింద ఒకటి రాయండి. ప్రతి వాల్వు పక్కన ఒకే ప్రశ్న: గాలి పూర్తిగా పోయి, స్ప్రింగు ఒక్కటే మిగిలితే ఈ వాల్వు ఎక్కడ ఉండాలి? జవాబు బ్యాచ్‌లో అన్నిటికంటే చెడ్డ నిమిషాన్ని తలచుకుని రాయాలి. మన కేసులో అది డోసింగ్ సగంలో ఉన్నప్పుడు. వేడి జోరుగా పుడుతోంది, రియాక్టరులో ఇంకా చర్య జరగని పదార్థం కొంత పోగుపడి ఉంది.

ఆ నిమిషంలో ఆవిరి లోపలికి రాకూడదు, కాబట్టి ఆవిరి వాల్వు మూసుకోవాలి. కూలింగ్ ఆగకూడదు, కాబట్టి కూలింగ్ వాల్వు తెరుచుకోవాలి. డోసింగ్ వాల్వు తప్పకుండా మూసుకోవాలి. ఈ మూడింటిలో నేను మొదట చూసేది డోసింగ్ వాల్వునే. కూలింగ్ ఎంత బాగున్నా, లోపలికి పదార్థం వస్తూనే ఉంటే మంటకు కట్టెలు అందిస్తున్నట్టే.

ఇక్కడ ఒక అలవాటు నుంచి జాగ్రత్తపడండి. ‘కూలింగ్ వాల్వు ఎప్పుడూ గాలి పోతే తెరుచుకోవాలి’ అన్న సూత్రం పట్టుకోకండి. ఇదే ప్లాంటులో పక్కన, చల్లబడితే గడ్డకట్టే కరిగిన పదార్థాన్ని నిల్వ ఉంచే ట్యాంకుకు బ్రైన్ లైను ఉందనుకోండి. అక్కడ వాల్వు తెరుచుకుపోతే ట్యాంకు మొత్తం రాయిలా బిగుసుకుంటుంది. సురక్షితం అనేది వాల్వు పేరులో ఉండదు, ఆ పాత్రలో ఏముందన్న దానిలో ఉంటుంది.

ఇంకో మాట. కంప్రెసరు ఆగితే ఒక్క వాల్వు కాదు, ప్లాంటులోని వాల్వులన్నీ కొద్ది నిమిషాల తేడాలో తమ తమ స్ప్రింగు చోటికి వెళ్లిపోతాయి. కాబట్టి కాగితం మీద రాసిన జవాబులను చివర్లో ఒకేసారి కలిపి చదవండి. మన కాగితం చెబుతున్నది: డోసింగ్ ఆగింది, ఆవిరి ఆగింది, కూలింగ్ నిండుగా వస్తోంది. కలిపి చదివినా బాగానే ఉంది.

రెండో అడుగు: ఆ జవాబును స్ప్రింగులో పెట్టండి

డయాఫ్రమ్ యాక్చుయేటరులో ఒక వైపు గాలి తోస్తుంది, ఎదురు వైపు స్ప్రింగు తోస్తుంది. గాలి పోతే గెలిచేది స్ప్రింగు. గాలి వాల్వును తెరుస్తుంటే అది ఎయిర్ టు ఓపెన్, అంటే గాలి పోతే మూసుకుంటుంది. గాలి మూస్తుంటే అది ఎయిర్ టు క్లోజ్, గాలి పోతే తెరుచుకుంటుంది. డ్రాయింగులో మొదటిదాన్ని FC అని, రెండోదాన్ని FO అని గుర్తిస్తారు. పేరులో ‘ఓపెన్’ ఉన్న వాల్వు ఆపదలో మూసుకుంటుంది, ‘క్లోజ్’ ఉన్నది తెరుచుకుంటుంది. కొత్తవారు తడబడేది ఇక్కడే. అందుకే ఆర్డరు రాసేటప్పుడు రెండు మాటలూ రాయండి: ‘ఎయిర్ టు క్లోజ్, గాలి పోతే తెరుచుకోవాలి’ అని.

మన ఆవిరి వాల్వు ఎయిర్ టు ఓపెన్, డోసింగ్ వాల్వు ఎయిర్ టు ఓపెన్, కూలింగ్ వాల్వు ఎయిర్ టు క్లోజ్.

ఇప్పటికే బిగించి ఉన్న వాల్వు ఏ రకమో చూడాలంటే యాక్చుయేటరు ఒక్కటే చూసి చెప్పకండి. గాలి గొట్టం డయాఫ్రమ్ పైన చేరితే స్టెమ్ కిందికి దిగుతుంది, అడుగున చేరితే పైకి లేస్తుంది. చాలా గ్లోబ్ వాల్వుల్లో స్టెమ్ దిగితే ప్లగ్ సీటు మీద కూర్చుని వాల్వు మూసుకుంటుంది. కానీ స్టెమ్ దిగితే తెరుచుకునే బాడీలు కూడా ఉన్నాయి. యాక్చుయేటరూ బాడీ రెండూ కలిస్తేనే జవాబు తేలుతుంది. తొందరగా తేలాలంటే ప్రాసెస్ ఖాళీగా ఉన్నప్పుడు గాలి కట్టేసి, స్టెమ్ పక్కనున్న సూచిక ఎటు వెళ్లిందో చూడండి.

మాటల చిక్కు ఒకటి ఉంది. డైరెక్ట్, రివర్స్ అన్న అవే పేర్లను యాక్చుయేటరుకూ వాడతారు, సిగ్నల్‌నుబట్టి యాక్చుయేటరుకు గాలి పంపే పొజిషనరుకూ వాడతారు, కంట్రోలరుకూ వాడతారు. మూడు చోట్లా అర్థం వేరు. షిఫ్టు మారేటప్పుడు ఎవరైనా ‘అది రివర్స్’ అని చెబితే, ఏది రివర్స్ అని అడగకుండా ముందుకు పోకండి.

పొజిషనరు దాచిపెట్టే తప్పు

ఈ విషయం నాకు అనుభవంతో తెలిసింది, కాబట్టి కాస్త ఆగి చెబుతాను. ఒక షట్‌డౌనులో కూలింగ్ వాల్వు యాక్చుయేటరు డయాఫ్రమ్ చిరిగింది. స్టోరులో సరిపడే కొలతలో ఇంకో యాక్చుయేటరు దొరికింది, కానీ అది ఎయిర్ టు ఓపెన్ రకం. బిగించాక వాల్వు తిరగబడి పనిచేస్తోందని గమనించి, పొజిషనరును రివర్స్‌కు మార్చారు. సిగ్నల్ తక్కువైనప్పుడు గాలి ఎక్కువ పంపేలా చేశారు. ఇప్పుడు 4 మిల్లీ ఆంపియర్లకు వాల్వు పూర్తిగా తెరుచుకుంది, సిగ్నల్ పెంచితే మూసుకుంది, అంటే పాతదానిలాగే నడిచింది. స్ట్రోక్ చెక్ కాగితం మీద అన్ని అంకెలూ సరిపోయాయి.

సిగ్నల్ తీగ పీకి చూసినా వాల్వు తెరుచుకుంది, ఎందుకంటే అది పాతకాలపు న్యూమాటిక్ పొజిషనరు. మిల్లీ ఆంపియర్ల సిగ్నల్‌ను గాలి ఒత్తిడిగా మార్చే ఐ టు పి కన్వర్టరు నుంచి వచ్చే సిగ్నల్ పడిపోతే అది యాక్చుయేటరుకు నిండుగా గాలి పంపింది. కానీ సరఫరా గాలి కట్టేసినప్పుడు వాల్వు మూసుకుపోయింది. పంపడానికి గాలే లేనప్పుడు పొజిషనరు ఏ వైపు తిప్పి ఉన్నా ఒకటే, చివరి మాట స్ప్రింగుదే. బ్యాచ్ ఎక్కించే ముందు గాలి కట్టి చూడాలని పట్టుబట్టాం కాబట్టి అది ఖాళీ రియాక్టరు మీద తెలిసింది.

దీనినుంచి పట్టుకోవలసిన నియమం సూటిగా ఉంది. పొజిషనరులో మార్పు చేస్తే సిగ్నల్‌కు వాల్వు స్పందించే దిశ మాత్రమే మారుతుంది. గాలి పోయినప్పుడు వెళ్లే చోటు మారదు. ఆ చోటు మారాలంటే యాక్చుయేటరులో స్ప్రింగు వైపు మార్చాలి, లేదా బాడీ మార్చాలి.

మూడో అడుగు: అవుట్‌పుట్‌ను రెండు వాల్వుల మధ్య పంచండి

కంట్రోలరు అవుట్‌పుట్ 0 నుంచి 50 శాతం వరకు కూలింగ్ వాల్వుకు, 50 నుంచి 100 వరకు ఆవిరి వాల్వుకు ఇద్దాం. 0 దగ్గర కూలింగ్ పూర్తిగా తెరిచి ఉంటుంది. 50 వచ్చేసరికి మూసుకుంటుంది. అక్కడినుంచి ఆవిరి వాల్వు తెరుచుకోవడం మొదలై 100 దగ్గర నిండుగా తెరుచుకుంటుంది. ఒకే సిగ్నల్‌తో నడిపితే కూలింగ్ పొజిషనరును 4 నుంచి 12 మిల్లీ ఆంపియర్లకు, ఆవిరి పొజిషనరును 12 నుంచి 20కి కాలిబ్రేట్ చేస్తారు.

ఇలాగే ఎందుకు పంచాలంటే, అవుట్‌పుట్ సున్నా దగ్గర రెండు వాల్వులూ ఉండే చోటు, గాలి పోతే వాటిని స్ప్రింగులు తీసుకెళ్లే చోటు ఒకటే కావాలి. సిగ్నల్ పోయినా, గాలి పోయినా, ఆపరేటరు కంగారులో అవుట్‌పుట్‌ను సున్నాకు దించినా రియాక్టరు ఒకే స్థితికి వస్తుంది.

నాలుగో అడుగు: ఇప్పుడు కంట్రోలరు

రివర్స్ యాక్టింగ్ అంటే కొలత పెరిగితే అవుట్‌పుట్ తగ్గించేది. డైరెక్ట్ యాక్టింగ్ అంటే కొలత పెరిగితే అవుట్‌పుట్ కూడా పెంచేది. ఏది కావాలో తెలుసుకోవడానికి ఒక వాక్యం చాలు: ‘అవుట్‌పుట్ పెరిగితే కొలత ఏమవుతుంది?’ పెరిగితే కంట్రోలరు రివర్స్. తగ్గితే డైరెక్ట్.

మన లూపు మీద ఆ వాక్యాన్ని నడిపి చూడండి. 50 పైన అవుట్‌పుట్ పెరిగితే ఆవిరి వాల్వు తెరుచుకుంటుంది, ఉష్ణోగ్రత పెరుగుతుంది. 50 కింద అవుట్‌పుట్ పెరిగితే కూలింగ్ వాల్వు మూసుకుంటుంది, అప్పుడూ ఉష్ణోగ్రత పెరుగుతుంది. రెండు భాగాల్లోనూ ఒకే దిశ. కాబట్టి ఒకే రివర్స్ కంట్రోలరు మొత్తం పని చేయగలదు. కూలింగ్ వాల్వు నిజంగా ఎయిర్ టు ఓపెన్ అయి, పొజిషనరు మామూలుగా ఉండి ఉంటే, సగం దారిలో డైరెక్ట్ కావాలి, మిగతా సగంలో రివర్స్ కావాలి. ఏ ఒక్క అమరికా రెండింటికీ కుదరదు.

కూలింగ్ వాల్వు ఒక్కటే ఉన్న లూపులో, అది ఎయిర్ టు ఓపెన్ అయితే కంట్రోలరు డైరెక్ట్. అదే వాల్వు ఎయిర్ టు క్లోజ్ అయితే రివర్స్. ‘చల్లబరిచే లూపు కాబట్టి డైరెక్ట్’ అని బట్టీపట్టినవారు ఇక్కడే జారిపోతారు.

అంకెలు వేసి చూద్దాం. ట్రాన్స్‌మిటరు శ్రేణి 0 నుంచి 150 డిగ్రీలు. సెట్ పాయింటు 60, కంట్రోలరు గెయిన్ 2, ఇంటిగ్రల్ ఆపి ఉంచాం, అవుట్‌పుట్ 50 దగ్గర ఉంది. ఉష్ణోగ్రత 63కి చేరింది. 3 డిగ్రీలంటే శ్రేణిలో 2 శాతం. గెయిన్‌తో గుణిస్తే 4. రివర్స్ కంట్రోలరు అవుట్‌పుట్‌ను 46కు దించుతుంది, అంటే కూలింగ్ వాల్వు 8 శాతం తెరుచుకుంటుంది. ఇదే కంట్రోలరును పొరపాటున డైరెక్ట్‌లో పెడితే అవుట్‌పుట్ 54 అవుతుంది, ఆవిరి వాల్వు 8 శాతం తెరుచుకుంటుంది. వేడెక్కుతున్న రియాక్టరుకు ఇంకా వేడి చేరుతుంది. ఇంటిగ్రల్ కూడా ఉంటే అవుట్‌పుట్ 100 చేరేదాకా ఆగదు.

తప్పు యాక్షన్‌ను గుర్తుపట్టే గుర్తు కూడా ఇందులోనే ఉంది. ట్యూనింగ్ చెడితే ఉష్ణోగ్రత సెట్ పాయింటుకు అటూ ఇటూ ఊగుతుంది. యాక్షన్ తప్పయితే ఊగదు, అవుట్‌పుట్ ఒక చివరకు వెళ్లి అక్కడే అంటుకుపోతుంది. అలా అంటుకుపోయిన లూపు మీద గెయిన్ తగ్గించి సమయం వృథా చేయకండి. వెంటనే మాన్యువల్‌లోకి తీసుకోండి.

తెర మీద సెట్ చేసేటప్పుడు తయారీదారు వాడే భాష చూడండి. కొన్ని పీఎల్‌సీల్లో డైరెక్ట్, రివర్స్ అన్న మాటలకు బదులు తేడాను ఎటునుంచి లెక్కించాలో అడుగుతారు. కింద E అంటే ఆ తేడా, SP అంటే సెట్ పాయింటు, PV అంటే కొలత.

```
E = SP - PV   : రివర్స్
E = PV - SP   : డైరెక్ట్
```

గెయిన్ ధనాత్మకంగా ఉన్నప్పుడే ఈ జంటలు నిజం. కొన్ని సిస్టములలో అవుట్‌పుట్ బ్లాకులో ‘Increase to Close’ వంటి ఐచ్ఛికం కూడా ఉంటుంది. ఎయిర్ టు క్లోజ్ వాల్వుకు వెళ్లే సిగ్నల్‌ను అది తిరగేస్తుంది, తెర మీద ఆపరేటరుకు 100 అంటే ఎప్పుడూ ‘తెరిచి ఉంది’ అనే కనబడుతుంది. వాల్వు ఒక్కటే ఉన్న లూపులో ఇది మంచి సదుపాయమే. కానీ అది వాడితే కంట్రోలరు యాక్షన్‌ను ఎయిర్ టు ఓపెన్ వాల్వుకు ఎంచుకున్నట్టే ఎంచుకోవాలి. లూపులో ఎక్కడెక్కడ సిగ్నల్ తిరగబడుతోందో ఒక గీత గీసి గుర్తుపెట్టుకోండి. తిరగేసే చోటు ఒకే ఒక్కటి ఉంటే మేలు.

అయిదో అడుగు: రియాక్టరులో నీళ్లు పోసి పరీక్షించండి

రసాయనం ఎక్కించే ముందు ఈ పని చేయండి. ఆవిరి లైను చేతి వాల్వు మూసి ఉంచండి.

మాన్యువల్‌లో అవుట్‌పుట్‌ను 0, 25, 50, 75, 100 దగ్గర నిలిపి, ప్రతిసారీ ఒకరు వాల్వు పక్కన నిలబడి సూచిక చదవాలి. 25 దగ్గర కూలింగ్ సగం తెరిచి ఉండాలి, 75 దగ్గర ఆవిరి వాల్వు సగం. తర్వాత ట్రాన్స్‌మిటరు చోట 63 డిగ్రీలకు సమానమైన సిగ్నల్ ఇచ్చి, ఆటోలోకి మార్చి, అవుట్‌పుట్ మొదట కదిలే దిశ చూడండి. అది కిందికి రావాలి.

తర్వాత గాలి కట్టే పరీక్ష. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, అవుట్‌పుట్ 0 దగ్గర ఉన్నప్పుడు గాలి కట్టడం. అప్పుడు రెండు వాల్వులూ ముందే తమ సురక్షిత చోట ఉంటాయి, ఏదీ కదలదు, ఏదీ తెలియదు. కూలింగ్ వాల్వు పూర్తిగా మూసి ఉన్నప్పుడు, అంటే 50 దగ్గర, దాని గాలి కట్టండి. ఆవిరి వాల్వును 100 దగ్గర, నిండుగా తెరిచి ఉన్నప్పుడు కట్టండి. ఎయిర్ ఫిల్టర్ రెగ్యులేటరు ముందున్న చిన్న వాల్వు మూసి, లోపల మిగిలిన గాలిని వదిలేసి, వాల్వు చివరికి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. గాలి మళ్లీ ఇచ్చాక, విడిగా సిగ్నల్ తీగ తీసి కూడా చూడండి. రెండు పరీక్షల్లో వాల్వు ఒకే చోటికి వెళ్లకపోతే పొజిషనరు దగ్గర ఏదో తిప్పి పెట్టారని అర్థం.

ఆవిరి వాల్వు విషయంలో ఈ పరీక్షకు ఒక హద్దు ఉంది. లైనులో ఒత్తిడి లేనప్పుడు స్ప్రింగు దాన్ని సులువుగా మూసేస్తుంది. ఆవిరి ప్లగ్‌ను కిందినుంచి పైకి తోసే అమరిక అయితే, నిజమైన ఒత్తిడి మీద అదే స్ప్రింగు చాలకపోవచ్చు. వాల్వు డేటా షీటులో ఎంత ఒత్తిడికి ఎదురుగా మూసుకోగలదని రాసి ఉందో, మీ ఆవిరి గరిష్ఠ ఒత్తిడితో పోల్చి చూడండి.

స్ప్రింగు చేయలేనివి

ఉష్ణోగ్రత కొలిచే ఆర్‌టీడీ తీగ తెగితే గాలి ఉంటుంది, సిగ్నల్ ఉంటుంది, కంట్రోలరు మాత్రం అబద్ధపు అంకెను నమ్ముతుంది. తీగ తెగినప్పుడు ట్రాన్స్‌మిటరు అవుట్‌పుట్ పైకి పోయేలా పెడితే, రివర్స్ కంట్రోలరు ‘చాలా వేడిగా ఉంది’ అనుకుని కూలింగ్ తెరుస్తుంది. కిందికి పోయేలా పెడితే ‘చల్లగా ఉంది’ అనుకుని ఆవిరి నిండుగా తెరుస్తుంది. మన లూపుకు పైకి పోయే అమరికే సరైనది. కొలత చెడిందని గుర్తించగానే కంట్రోలరు ఆటో నుంచి బయటికి వచ్చి, చివరి అవుట్‌పుట్‌ను పట్టుకుని నిలిచిపోయే సిస్టములు కూడా ఉన్నాయి. డోసింగ్ మధ్యలో చివరి అవుట్‌పుట్ మీద నిలిచిపోవడం చాలదు. అప్పుడు డోసింగ్ వాల్వు మూసుకుని, అవుట్‌పుట్ 0కి వెళ్లేలా విడిగా ఇంటర్‌లాక్ రాయించండి.

కూలింగ్ వాల్వు తెరుచుకున్నంత మాత్రాన చల్లదనం రాదు. 2007 డిసెంబరు 19న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, జాక్సన్‌విల్‌లోని టీ2 ల్యాబొరేటరీస్‌లో రియాక్టరు అదుపు తప్పి పేలి నలుగురు చనిపోయారు. అక్కడి రసాయన భద్రతా బోర్డు విచారణలో కూలింగ్ చాలకపోవడమే కారణమై ఉండవచ్చని తేలింది. ఆ కూలింగ్ ఏర్పాటులో ఏ ఒక్క భాగం చెడినా దాని బదులు పనిచేసేది లేదని కూడా బోర్డు చెప్పింది.

మన రియాక్టరుకు వస్తే, కరెంటు పోతే కంప్రెసరూ ఆగుతుంది, కూలింగ్ టవర్ పంపూ ఆగుతుంది, జాకెట్‌లో నీళ్లు తిప్పే పంపూ ఆగుతుంది. కూలింగ్ వాల్వు నిండుగా తెరుచుకుని ఉంటుంది, దానిగుండా నీళ్లు రావు. మొదటి అడుగులో మీరు రాసిన కాగితాన్ని మళ్లీ బయటికి తీసి, ‘గాలి పోతే’ అన్న గడి పక్కన ‘కరెంటు పోతే’ అన్న ఇంకో గడి గీయండి. జాకెట్ పంపునూ కూలింగ్ టవర్ పంపునూ జనరేటరు మీద పెట్టాలా, ఎత్తులో ఉన్న ట్యాంకు నుంచి దానంతటదే కిందికి వచ్చే నీటి లైను జాకెట్‌కు కలపాలా అన్నది ఆ గడిలో తేలాలి. జనరేటరు అందుకోవడానికి పట్టే సమయంలో లోపల పోగుపడిన పదార్థం ఎంత వేడి పుట్టించగలదో ప్రాసెస్ ఇంజనీరుతో కూర్చుని లెక్క వేయించండి. డోసింగ్ వేగానికి పై హద్దు ఆ లెక్కనుంచే వస్తుంది.